పప్పు బెల్లాల జవాబు

మా అమ్మాయి మూడో తరగతి. ఆ సెక్షన్ పిల్లల తల్లిదండ్రులందరికీ కలిపి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. పోయిన వారం ఒక తల్లి అందులో ఇలా రాశారు: "దసరా సెలవులిచ్చేలోగా టీచర్‌గారికి మనందరి తరఫున శుభాకాంక్షలు పంపుదామండీ. అన్నయ్యగారూ, మీరు పత్రికలకు రాస్తారు కదా, ఆ నాలుగు ముక్కలూ మీరే రాసిపెట్టండి. శనివారంలోగా కావాలి."

రాశాను. విద్యాబుద్ధులు నేర్పే గురువుగారికి విజయదశమి శుభాకాంక్షలనీ, పిల్లల జీవితాల్లో వెలుగు నింపుతున్నందుకు కృతజ్ఞతలనీ రాసి, ఆఖర్న 'ఇట్లు తల్లిదండ్రులు' అని పెట్టాను. పంపేముందు ఒకసారి చదువుకుంటే ఒక సంగతి తట్టింది. పైన ఉన్న పేరు తీసేసి పక్క సెక్షన్ టీచర్ పేరు పెడితే లోపల ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. ముప్పై నాలుగు ఇళ్లవాళ్లం ఒక మనిషికి చెప్పుకునే మాటలో ఆ మనిషి లేకపోతే ఎలా? కాగితం పక్కన పెట్టేశాను. అప్పుడే మా నాన్నగారు చెప్పే దసరా పద్యాల కథ గుర్తొచ్చింది. పిల్లల్ని కన్నవాళ్లంతా కలిసి పంతులుగారికి పండగ పూట కృతజ్ఞత చెప్పే పద్ధతి మన ఊళ్లలో ఒకప్పుడు ఉండేది. అందులో అందరి గొంతూ ఒకటిగా వినిపించేది, ఏ ఇంటి మాట ఆ ఇంటిదిగానూ ఉండేది.

పాతకాలపు శాసనాల్లో గురువులు కనిపిస్తారు కానీ పిల్లల తల్లిదండ్రులు కనిపించరు. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి శాసన స్తంభం ఉంది. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి ఇచ్చిన భూముల లెక్క అందులో చెక్కారు. వేదాలు చెప్పేవారి దగ్గర్నుంచి ఎవరికెంత అన్నది వివరంగా ఉంటుంది. ఇచ్చింది రాజులు, పుచ్చుకున్నది పండితులు. ఊళ్లో అరుగు మీద కూర్చుని ఓనమాలు దిద్దించిన మనిషికి కోమటింటివాళ్లో కాపులింటివాళ్లో పండగనాడు ఏమిచ్చారన్నది రాయి మీద చెక్కించే సంగతి కాదు కదా. అలా ఐదారు వందల ఏళ్లు గడిచిపోతాయి.

ఆ అరుగు బడి మన కళ్లకు కట్టినట్టు కనిపించేది 1823లో. అంతకు ముందు ఏడాది మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో చదువులు ఎలా ఉన్నాయో రాసి పంపమని కలెక్టర్లందరికీ ఉత్తరువు పంపాడు. చాలామంది పట్టికలు నింపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ మాత్రం బడి లోపలికి వెళ్లి చూసినట్టు రాశాడు. ఈయన తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెలే. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆయన లెక్క ప్రకారం ఆ జిల్లాలో మొత్తం 533 బడులు, అందులో 226 తెలుగువి. చదువుకునే పిల్లలు 6,641 మంది. అంటే బడికి సగటున పన్నెండు మంది చొప్పున.

ఆ నివేదికలో నాకు ఎంతో ఇష్టమైన ముక్క ఒకటుంది. పొద్దున్నే ఆరింటికి బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్నా చుడతాడు, పొగడ్తా లేదు తెగడ్తా లేదని. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కడి నుంచి వెనకొచ్చినవాడికల్లా ఒక్కోటి ఎక్కువ. మరీ అల్లరివాణ్ణి చేతులకు తాడు కట్టి దూలానికి వేలాడదీయడం కూడా ఉండేదట. మన పెద్దవాళ్లు దాన్నే కోదండం అనేవారు. కోదండమంటే రాముడి విల్లు. ఏడాది పొడుగునా ఆ మాటకు హడలిపోయిన పిల్లలే దసరా వచ్చేసరికి చేతికో విల్లు పట్టుకుని, అదే పంతులుగారి వెంట ఊరేగింపుగా బయల్దేరేవారు.

ఆ ఊరేగింపు గురించి మా నాన్నగారు చెప్పేది వినాలి. ఆయన వీధిబడి చదువు 1940ల్లో, కోస్తాలోని ఒక చిన్న పల్లెలో. మహాలయ అమావాస్య వెళ్లేసరికి బడిలో పాఠాలు తగ్గి పద్యాలు మొదలయ్యేవి. పంతులుగారు ముందు చెప్పడం, పిల్లలు వెనక అందుకోవడం. వెదురు బద్ద వంచి, రంగు కాగితాలు చుట్టి ప్రతివాడికీ ఒక విల్లంబు చేసిపెట్టేవారు. ఆ బాణం కొసన మొన బదులు చిన్న బుట్టలాంటిది ఉండేది. అందులో పూరేకులు, బుక్కా నింపి వదిలితే ఎదుటివాళ్ల మీద రాలేవి. పాడ్యమి నుంచి దశమి దాకా రోజుకో వీధి. తలంట్లు పోసుకుని, ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని పిల్లలంతా వరసగా నడిచేవారు. వెనక పంతులుగారు ఉత్తరీయం సర్దుకుంటూ వచ్చేవారు.

ఇంటి ముందు ఆగాక పద్యాలు. వాటిలోని వరస గమనిస్తే ఎంత తెలివిగా అల్లారో తెలుస్తుంది. ముందు ఇంటివాళ్లకు దీవెనలు. ఆ తర్వాత, ఇంతసేపు నిలబెట్టారు, మా మీద దయ రాలేదా అని ఒక మెత్తని దెప్పు. రేపు రా, మాపు రా అని తిప్పి పంపించవద్దని ఒక ముందరికాళ్ల బంధం. చివరికి అసలు సంగతి: పంతులుగారికైతే ఐదు వరహాలు ఇస్తే చాలు, మాకు పప్పూ బెల్లం పెడితే చాలు. పప్పంటే వేయించిన శనగపప్పు, పుట్నాలు. ఏ ఇంటి ముందైనా ఇదే పాట. కరణంగారి లోగిలైనా, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని చేను కౌలుకు చేసుకునేవాళ్ల పూరిల్లైనా అడిగేది ఆ ఐదు వరహాలే, ఆ పప్పు బెల్లాలే.

ఈ ఐదు వరహాల లెక్క ఒకసారి చూడాలి. మద్రాసు ఇలాకాలో 1818లో రూపాయి అధికారిక నాణెం కాకముందు చెలామణిలో ఉన్న బంగారు నాణెం వరహా. మార్చేటప్పుడు వరహాకు మూడున్నర రూపాయలు కట్టారు. అలా ఐదు వరహాలంటే పదిహేడున్నర రూపాయలు. వీధిబడి పంతుళ్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదని, అంత చిన్న రాబడికి తగినవాళ్లు ఈ పనికి ఎలా వస్తారని 1826లో మన్రోయే రాశాడు. అంటే పాట ఒక్కో ఇంటిని అడిగేది పంతులుగారి రెండున్నర నెలల సంపాదన. అంత ఎవరూ ఇవ్వరని అడిగేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. బడిలో పన్నెండు మంది ఉంటే, ఇంటికో పావలా వచ్చిందనుకున్నా మొత్తం మూడు రూపాయలు, అంటే సగం నెల జీతం. అదీ ఆయనకు పండగ గడవడానికి పెద్ద ఆసరా.

మరి పావలా కూడా కష్టమైన ఇంటిని ఐదు వరహాలు అడగడం ఎందుకు? నాకు తోచేది ఇది. ఇంత ఇవ్వగలరు అని ఇంటింటికీ వేరే లెక్క కట్టి అడిగి ఉంటే, పేదింటి ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించాల్సి వచ్చేది. అందరినీ ఎవరూ ఇవ్వలేనంత అడగడంతో ఇచ్చేది ఎంతైనా చిన్నతనం కాలేదు. పంతులుగారికీ ఇది మర్యాద నిలబెట్టింది. నెల జీతం బాకీ ఉందని నోరు తెరిచి అడగలేని మనిషి, పిల్లలందరి గొంతులో పాటగా అడిగించగలిగాడు. అడిగింది బడి, ఒక మనిషి కాదు. చేయి చాచినట్టు ఎవరికీ అనిపించలేదు.

అసలు శుభాకాంక్ష పాట అయ్యాక వచ్చేది. ఇంటివాళ్ల జవాబు అది, ఏ ఇంటికా ఇల్లు వేరుగా ఉండేది. నాన్నగారికి బాగా గుర్తున్న మాటలు కొన్ని నాకూ గుర్తుండిపోయాయి. ఒక షావుకారు పళ్లెంలో తాంబూలం, రూపాయి బిళ్ల పెట్టి, "పంతులుగారూ, మావాడు మొన్న కొట్లో వీశె లెక్క నోటితో కట్టేశాడండీ. నేను కాగితం తీసుకునేలోగా చెప్పేశాడు" అన్నాడట. ఒక రైతు డబ్బు లేదని చెప్పి, గుమ్మడికాయ ఒకటి, కొత్త బియ్యం కుంచెడు తెచ్చి అరుగు మీద పెట్టి, "వాడికి నత్తి కదండీ, పద్యం పాడుతుంటే నత్తి రావట్లేదు. అది మీ పుణ్యమే" అన్నాడట. ఆ పిల్లవాడు అక్కడే విల్లంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకో ఇంట్లో తండ్రి ఊళ్లో లేడు. తల్లి తలుపు చాటున నిలబడి, పిల్లాడి చేతికి పంచెల చాపు ఇచ్చి పంపింది. "జ్వరం వచ్చిన పది రోజులూ ఇంటికొచ్చి పాఠం చెప్పారు, అమ్మ చెప్పమంది" అని ఆ పిల్లాడే చెప్పాడు.

ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటీ మరో ఇంటి ముందు చెల్లదు. పంతులుగారు ఆ మాటలు విన్నాక పిల్లవాడి తల మీద చెయ్యి వేసి ముందుకు సాగేవారు. అప్పుడు ఇల్లాలు చేటలో పుట్నాలు, బెల్లం ముక్కలు తెచ్చి అందరి పిల్లలకీ దోసిట్లో పోసేది. తన పిల్లవాడికి ఎక్కువా, పక్కింటివాడికి తక్కువా ఉండేది కాదు. పంతులుగారికి చెప్పింది తన ఇంటి మాట. పిల్లలకు పంచింది మాత్రం అందరికీ ఒకటే. ఈ రెండూ ఒకే గుమ్మంలో, ఒక్క పావుగంటలో జరిగిపోయేవి. ఇప్పుడు పప్పు బెల్లాల్లా పంచేశారంటే విలువ లేకుండా ఇచ్చేశారని అర్థం. ఆ మాట పుట్టిన చోట అంత చులకన లేదు.

ఇందులోని లోటు కూడా చెప్పాలి. క్యాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. వందకు ఒక్కరు కూడా కాదు. బడికి రానివ్వని కులాల పిల్లలు ఆ ఊరేగింపులో లేరు, ఆ ఊరేగింపు వాళ్ల పేటలకు వెళ్లలేదు. పంతులుగారికి కృతజ్ఞత చెప్పే తల్లిదండ్రుల గుంపు అని ఇందాక నుంచి అంటున్నది ఊరంతా కాదు, ఊళ్లో ఒక భాగం. అందులోనూ గుమ్మంలో నిలబడి మాట్లాడింది తండ్రులు. తల్లి మాట తలుపు చాటు నుంచి పిల్లాడి నోట వచ్చింది. ఇవ్వలేని ఇంటి పిల్లవాడి మీద ఆ తర్వాత బెత్తం కాస్త గట్టిగా పడిన ఊళ్లూ ఉన్నాయని నాన్నగారే చెప్పేవారు. ఆయన బడిలో అలా జరగలేదని కూడా అనేవారు. పాట ఒకటే అయినా పంతుళ్లందరూ ఒకటి కారు.

ఆ తర్వాతి కథ ఒక వరసలో చెప్పడం కష్టం. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం వచ్చింది. బోర్డు బడులు పెరిగాయి, పంతులుగారికి జీతం ఊరి బయటి నుంచి రావడం మొదలైంది. అయినా చాలా ఊళ్లలో దసరా పద్యాలు ఆగలేదు. జీతం వచ్చినా అది తక్కువే. పైగా పండగ అలవాటు చట్టంతో పోదు. పాట ఆగిపోయింది మెల్లగా, ఒక్కో ఊళ్లో ఒక్కోలా. పంతులుగారికి బదిలీలు వచ్చాయి. ఆయన పట్నంలో కాపురముండి బస్సులో వచ్చిపోవడం మొదలుపెట్టాక ఏ ఇంట్లో ఎవరున్నారో ఆయనకు తెలియలేదు, ఆయన సంగతి ఊరికీ తెలియలేదు. దసరాకు బడే సెలవు. ప్రభుత్వోద్యోగి బహుమతులు పుచ్చుకోవడానికి నియమావళి హద్దులు పెట్టింది. పెట్టడం మంచిదే, బెత్తం సంగతి గుర్తున్నవాళ్లెవరూ కాదనరు. కానీ గుమ్మడికాయతో పాటు ఆ రైతు చెప్పిన మాట కూడా పోయింది.

ఈలోగా ఇంకో పండగ వచ్చింది. తిరుత్తణిలో పుట్టిన మన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయ్యారు. అదే ఏడాది నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం అయింది. అంతకు చాలా ముందు, 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తా వెళుతుంటే విద్యార్థులు బండికి గుర్రాలు విప్పేసి తామే లాగి స్టేషనుకు చేర్చారు.  ఉపాధ్యాయ దినోత్సవం నాడు మాత్రం ఎక్కువగా అచ్చు కార్డులు, వేదిక మీద శాలువాలు. ఇది పిల్లల పండగ. ఇంటివాళ్ల వంతు మాట ఇందులో దొరకదు.

ఇంటివాళ్లను బడిలోకి పిలవడానికి చట్టం వేరే దారి తీసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు పెట్టారు. అక్కడ మాట్లాడుకునేది మార్కులు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లు. మాట్లాడుకోవలసినవే అవి. అమెరికాలో 2007 నుంచి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడిలో వారాంతాల్లో తెలుగు నేర్పేవాళ్లు స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు, చాలామంది తామూ పిల్లల తల్లిదండ్రులే. అక్కడ ఇవ్వడానికి వరహాలు అక్కర్లేదు, మాట ఒక్కటే ఉంటుంది. ఇవన్నీ ఒక దారానికి గుచ్చడం నా వల్ల కాదు. నాకు కనిపించేది ఒకటే. తలుపు చాటున నిలబడిన ఆ తల్లి ఇప్పుడు గుమ్మం దాటి వచ్చింది. మా గ్రూపులో రాసేవాళ్లలో ఎక్కువమంది తల్లులే.

అందుకని శుక్రవారం రాత్రి గ్రూపులో ఇలా అడిగాను: "మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం అందరివీ. అవి నేను రాస్తాను. మధ్యలో ఎవరి ఇంటి మాట వాళ్లు ఒక్క వాక్యం రాయండి. టీచర్‌గారు మంచివారు అని మాత్రం రాయకండి. ఈ ఏడాది ఆవిడ వల్ల మీ ఇంట్లో మీరు కళ్లారా చూసిన ఒక సంగతి రాయండి."

మొదట వచ్చిన పదిహేను వాక్యాల్లో తొమ్మిది పాత పొగడ్తలే. ఆ తొమ్మిది మందికీ విడిగా ఫోన్ చేశాను. "ఎప్పుడు చూశారండీ? ఏ రోజు?" అని అడిగితే అసలు మాట బయటికి వచ్చేది. "టీచర్ చాలా ఓపికగా ఉంటారు" అని రాసిన తండ్రి, "మావాడు ఎడమచేతి వాటం. పాత బడిలో చేయి మార్పించారు. ఈవిడ వాడి బల్లను ఎడమ పక్కకు జరిపి, మోచేయి పక్కవాడికి తగలకుండా కూర్చోబెట్టారు. ఇప్పుడు రాత కుదిరింది" అన్నాడు. ఆ మాటలే యథాతథంగా పెట్టాను. ఓపిక అన్న మాట తీసేశాను. ఒక అమ్మమ్మ, తల్లిదండ్రులు దుబాయిలో ఉంటే మనవరాలిని తానే పెంచుతున్నావిడ, రాయడం రాదని గొంతు పంపింది. "సమావేశాలకు నన్ను కూడా రమ్మంటారు, కుర్చీ వేస్తారు, నాకు అర్థమయ్యేదాకా చెబుతారు." అదీ చేరింది. ఇద్దరు తమకు చెప్పడానికి ఏమీ లేదన్నారు. వాళ్ల పేర్లు చివరి సంతకాల్లో పెట్టాం, వాక్యం మాత్రం కల్పించలేదు. లేని మాట ఒక్కటి చేరినా ఉన్న మాటలన్నీ పలచబడిపోతాయి.

మొత్తం ఇరవై ఒక్క వాక్యాలు కుదిరాయి. పేరు మార్చి పక్క సెక్షన్‌కు పంపి చూద్దామంటే ఇప్పుడు వీలు కాదు. డబ్బు పోగు చేసి చీర కొనాలన్న ప్రతిపాదన వచ్చింది. ఇవ్వలేని ఇంటివాళ్లు ఇబ్బంది పడతారని వద్దనుకున్నాం. బదులుగా సెలవులిచ్చే రోజున తరగతిలో పిల్లలందరికీ ఒకే కొలత పుట్నాలు, బెల్లం.

దసరా పద్యాలు చిన్నప్పుడు స్వయంగా పాడినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటిన పెద్దలు. పాఠం పుస్తకాల్లో దొరుకుతుంది కానీ బాణీ ఊరూరికీ వేరు. ఇంటివాళ్లు తిరిగి ఏమన్నారో రాసిపెట్టినట్టు నాకెక్కడా కనిపించలేదు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ సెలవుల్లో పక్కన కూర్చుని పాడించుకోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. పాట అయిపోగానే ఆపేయకండి. మీ ఇంటి గుమ్మంలో తాతముత్తాతలు పంతులుగారితో ఏమన్నారో కూడా అడగండి.